వాన నీరు నిలవని డాబా: వాలు, తూములు, పిట్టగోడ, సన్‌షేడ్ పని వరస

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇల్లు కట్టుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: "కొత్త డాబా, ఖరీదైన పూత వేయించాం, అయినా రెండో ఏడాదికే ఎందుకు కారుతోంది?" చాలాసార్లు తప్పు పూతలో ఉండదు. నీటికి దారి లేకపోవడంలో ఉంటుంది. నీరు నిలిచే చోట ఏ పూతైనా కొన్నాళ్ళే ఆగుతుంది. నీరు నిలవని చోట మామూలు పూత కూడా చాలాకాలం మన్నుతుంది.

ఇక్కడ ఒక డాబాను లెక్కకు తీసుకుందాం. పిట్టగోడల లోపలి కొలత 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మీ కొలతలు వేరైనా పని వరస ఇదే.

1. ముందు నీటిని లెక్కపెట్టండి

ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు నీరు. మన డాబా 1200 చదరపు అడుగులు, అంటే సుమారు 111 చదరపు మీటర్లు. గంటకు 100 మి.మీ. జోరుతో వాన కురిస్తే గంటలో 11 వేల లీటర్లు పడుతుంది. వెయ్యి లీటర్ల ట్యాంకులు పదకొండు మీ నెత్తిన కుమ్మరించినట్టు. వాయుగుండం పట్టినప్పుడు కాసేపైనా ఇంతకు మించిన జోరు ఉంటుంది కాబట్టి, గంటకు 150 మి.మీ.కి సరిపోయేలా పైపులు పెట్టుకోవడం మేలు.

నిలువుగా దిగే 4 అంగుళాల పైపు ఒక్కటి 100 మి.మీ. జోరులో సుమారు 42 చదరపు మీటర్ల కప్పు నీటిని దించగలదు. 150 మి.మీ. జోరులో 28 చదరపు మీటర్లే. 3 అంగుళాల పైపైతే 100 మి.మీ. జోరులోనే 20 చదరపు మీటర్లు దాటదు.

ఈ లెక్కన మన డాబాకు 4 అంగుళాల పైపులు నాలుగు కావాలి. సాధారణంగా కనిపించేవి రెండు మూలల్లో రెండు 3 అంగుళాల పైపులు. అవి రెండూ కలిసి 100 మి.మీ. జోరులో 40 చదరపు మీటర్ల నీటినే దించుతాయి. మిగతా 70 చదరపు మీటర్ల నీరు డాబా మీదే వంతు కోసం ఎదురుచూస్తుంది.

మెట్లగది కప్పు నీరు కూడా డాబా మీదికే పడుతుంటే ఆ వైశాల్యం కలపడం మరిచిపోకండి.

2. కప్పు రూపం తేల్చుకోండి

డాబాను చదునైన పలకలా ఊహించకండి. చాలా తక్కువ వాలున్న పెంకుటిల్లులా ఊహించండి. మధ్యలో పొడవునా నడికొప్పు, రెండు పక్కలకూ వాలు.

మన లెక్కలో నడికొప్పు 40 అడుగుల పొడవునా మధ్యగా సాగుతుంది. దానికి అటూ ఇటూ 15 అడుగుల వెడల్పు మిగులుతుంది. తూములు మూలల్లో పెట్టకండి. ప్రతి పొడవు పక్కా రెండేసి తూములు, పక్క చివర నుంచి 10 అడుగుల దూరంలో పెట్టండి. అప్పుడు రెండు తూముల మధ్య 20 అడుగులు ఉంటుంది. ఏ చుక్కా 18 అడుగులకు మించి నడవదు. మూలల్లో రెండే పెడితే అదే చుక్క 30, 40 అడుగులు పోవాలి. అంత దూరానికి చాలినంత వాలు ఇవ్వాలంటే మందం మోయలేనంత పెరుగుతుంది.

మన వానకు 80కి 1 వాలు తగినది. 100కి 1 కాగితం మీద సరిపోతుంది. కానీ తాపీ పనిలో నాలుగైదు మి.మీ. తేడా మామూలే, ఆ తేడాకే అక్కడ మడుగు కడుతుంది.

పోర్టికోకో మెట్లగదికో రేకులు, పెంకులు వేసేవాళ్ళకు రెండు మాటలు. రెండు వాలుల కప్పుకన్నా నాలుగు వాలుల కప్పు తుఫాను గాలికి బాగా ఆగుతుంది. వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచండి. చూరు అడుగున్నర దాటనివ్వకండి. వెడల్పైన చూరు వానకు మంచిదే కానీ, గాలి దాని కిందికి దూరి కప్పునే లేపేస్తుంది.

3. వాలు సెంట్రింగులోనే మొదలుపెట్టండి

ఎక్కువ ఇళ్ళలో పని ఇక్కడే తప్పుతుంది. శ్లాబు చదునుగా పోసి, వాలంతా పైన కాంక్రీటుతో తెద్దామనుకుంటారు. దాని బరువు చూడండి.

తూము దగ్గర కనీసం 40 మి.మీ. మందం ఉండాలి, అంతకన్నా పలచనైతే పగులుతుంది. 80కి 1 చొప్పున పెంచుకుంటూ పోతే 18 అడుగుల దూరంలో 109 మి.మీ. వస్తుంది. డాబా మొత్తానికి సగటు 77 మి.మీ. చదరపు మీటరుకు సుమారు 175 కిలోలు, డాబా అంతటికీ దాదాపు 20 టన్నులు. జనం తిరిగే డాబాకు ఇంజినీర్లు లెక్కలో పట్టుకునే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోలే. అంటే ఈ వాలు కాంక్రీటు ఒక్కటే దాన్ని మించిపోతుంది. డిజైను చేసిన ఇంజినీరుకు ముందే చెప్పకుండా ఇది వేయకూడదు.

సెంట్రింగు కట్టేటప్పుడే నడికొప్పు గీతను 57 మి.మీ. ఎత్తండి. 15 అడుగులకు 80కి 1 అంటే అంతే. శ్లాబు మందం అంతటా ఒకటే, పలకే వాలుగా ఉంటుంది. ఇలా చేస్తే పైన వేసే కాంక్రీటు సగటు 77 నుంచి 48 మి.మీ.కి తగ్గుతుంది. ఏడు టన్నులకు పైగా బరువు దిగిపోతుంది.

కింది గదిలో పైకప్పు కాస్త వాలుగా కనబడుతుంది. 15 అడుగుల్లో రెండంగుళాల పైచిలుకు తేడాను ప్రత్యేకంగా చూస్తేగానీ కన్ను పట్టదు. దూలాల పైమట్టం కూడా ఇదే వాలులో రావాలి కాబట్టి ఈ సంగతి ఇనుము కట్టకముందే తేలాలి.

శ్లాబు పోసే ముందు చూడవలసినవి:

- నడికొప్పు గీత మీద మూడు చోట్ల ట్యూబ్ లెవెల్ పెట్టి 57 మి.మీ. ఎత్తు ఉందో లేదో కొలిచారా?
- నాలుగు తూముల చోట్లు గుర్తించారా? వాటి కింద నిలువు పైపుకు కిటికీ గానీ సన్‌షేడ్ గానీ అడ్డు వస్తోందా?
- కాంక్రీటు పోశాక చెక్కతో లాగే మేస్త్రికి వాలు సంగతి చెప్పారా? చెప్పకపోతే అలవాటు కొద్దీ పైభాగాన్ని చదును చేసేస్తారు.

4. పూతకు ముందు ఉత్త శ్లాబును పరీక్షించండి

పిట్టగోడ కట్టి, తూము పైపులు అమర్చాక, శ్లాబు మీద సిమెంటు ఇసుకతో చిన్న గట్లు కట్టి నీళ్ళు నింపండి. 48 గంటలు వదలండి. కింద చెమ్మ కనబడిన చోట సున్నంతో గుర్తు పెట్టి, నీరు తీసేశాక ఆ పగులును తెరిచి పూడ్చండి. ఈ దశలో చెమ్మ ఎక్కడిదో స్పష్టంగా తెలుస్తుంది. పైన కాంక్రీటు వేశాక ఒకచోట దిగిన నీరు పది అడుగుల అవతల బయటపడుతుంది. అప్పుడు వెతకడం చాలా కష్టం.

తరవాత సిమెంటుతో కలిపే పాలిమర్ పూత రెండు పొరలు వేయండి. మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. పొరల మధ్య వ్యవధి డబ్బా మీద రాసినంత ఇవ్వాలి. పూతను పిట్టగోడ మీదికి ఒక అడుగు ఎత్తు వరకూ, తూము పైపు నోట్లోకి వేలు పట్టినంత దూరం వరకూ తీసుకెళ్ళండి.

సముద్ర తీరపు గ్రామాల్లో ఉప్పు కలిసిన బోరు నీటిని కాంక్రీటు కలపడానికీ తడపడానికీ వాడకండి. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే శ్లాబు పెచ్చులూడుతుంది.

5. తూము నుంచి దారం లాగి వాలు తేవాలి

మేస్త్రులు సాధారణంగా నడికొప్పు నుంచి పిట్టగోడకు దారం కడతారు. దానివల్ల నీరు గోడ దాకా వస్తుంది, గోడ వెంట తూము దాకా వెళ్ళే వాలు మాత్రం ఉండదు. పిట్టగోడ మొదట్లో పొడవాటి మడుగు కట్టేది అందుకే.

ప్రతి దారం తూము నుంచే మొదలవ్వాలి. తూము దగ్గర మట్టాన్ని సున్నాగా పెట్టుకోండి. ఏ చోటైనా ఉండవలసిన ఎత్తు ఇలా వస్తుంది:

ఎత్తు = తూము నుంచి దూరం ÷ 80

మన డాబాకు మూడు అంకెలు చాలు.

- మూలల్లోనూ, గోడ వెంట రెండు తూముల నడిమధ్యనా (10 అడుగులు): 38 మి.మీ.
- తూముకు సూటిగా ఎదురుగా నడికొప్పు మీద (15 అడుగులు): 57 మి.మీ.
- నడికొప్పు రెండు చివర్లలోనూ, నడిమధ్యనా (18 అడుగులు): 69 మి.మీ.

ఈ చోట్ల కాంక్రీటుతో అరచేతంత లెవెల్ దిమ్మలు పెట్టండి. వాటి మధ్య ఆరేసి అడుగులకు ఒకటి చొప్పున ఇదే లెక్కతో మరికొన్ని పెట్టండి. దిమ్మలు గట్టిపడ్డాక దారాన్ని తూము నుంచి ఒక్కో దిమ్మకు లాగి, మధ్యలో దారం ఎక్కడా జారకుండా చూడండి.

కాంక్రీటు 1:2:4, సన్న చిప్స్‌తో, నీళ్ళు తక్కువగా కలపండి. పది అడుగులకు మించని గళ్ళుగా, గడి విడిచి గడి వేయండి. గళ్ళ మధ్య సందును గట్టి సిమెంటుతో కాకుండా సాగే సీలెంట్‌తో నింపండి. ఏప్రిల్, మే ఎండలో పని అయితే పొద్దున్నే పోసి, సాయంత్రానికే తడి గోనెలు కప్పి, కనీసం వారం రోజులు తడపండి. ఎండకు పగిలిన వాలు కాంక్రీటు కిందికి నీరు దిగి, పూత మీద నెలల తరబడి కదలకుండా ఉంటుంది.

6. తూము గుంట

తూము ముందు అడుగున్నర చతురస్రం గుంట చేయండి. చుట్టూ ఉన్న మట్టం కన్నా 15 మి.మీ. లోతు, అంచులు గుండ్రంగా. నీరు ఇక్కడ చేరి, ఒక్కుమ్మడిగా పైపులోకి దిగుతుంది. గుంట లేకపోతే పైపు సగం కూడా నిండకుండా పారుతుంది, లెక్కలో చూపిన నీరు దిగదు.

పిట్టగోడలోంచి పోయే అడ్డపైపు నేరుగా శ్లాబు మీదే ఆనాలి. చాలాచోట్ల ఇటుక వరస ఒకటి వేసి దాని మీద పైపు పెడతారు. అప్పుడు పైపు నోరు గుంట మట్టం కన్నా ఎత్తులో ఉండిపోయి, మిగిలిన నీరు ఎండేదాకా అక్కడే ఉంటుంది. పైపును బయటికి 10 మి.మీ. వాల్చండి. గోడ లోపలి వైపు నోటిని 6 అంగుళాల వెడల్పుతో గరాటులా మొదలుపెట్టి, 4 అంగుళాల పైపుకు కుదించండి.

జల్లెడ పలకలా కాకుండా బుట్ట ఆకారంలో, పైకి లేచి ఉండాలి. ఉద్దానంలాంటి చోట్ల కొబ్బరి, జీడి, పనస ఆకు ఒక్కటి పడితే చాలు, పలక జల్లెడ మూసుకుపోతుంది. బుట్ట జల్లెడ కింద మూసుకున్నా పైనుంచి నీరు పోతుంది.

7. పొంగు తూము తప్పనిసరి

తుఫానులో ఆకులు, విరిగిన కొమ్మలు, ఎగిరొచ్చిన ప్లాస్టిక్ సంచులు అన్నీ ఒకే గంటలో తూముల మీదికి చేరతాయి. ఆ గాలిలో ఎవరూ డాబా ఎక్కి శుభ్రం చేయలేరు. మూడడుగుల పిట్టగోడ నిండితే చదరపు మీటరుకు 900 కిలోల బరువు. పైన చెప్పిన 150 కిలోలతో పోల్చండి. ఎంత ఖర్చు తగ్గించుకున్నా ఈ ఒక్క పనిని వదిలేయకండి.

ప్రతి పొడవు గోడలో ఒక పొంగు తూము పెట్టండి. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల ఎత్తు రంధ్రం చాలు. దాని అడుగు మట్టం తూము సున్నా మట్టానికి 100 మి.మీ. పైన ఉండాలి. దీనికి కింద పైపు తగిలించకండి. నీరు గాల్లోకి దూకాలి, నలుగురికీ కనబడాలి. అది పారుతోందంటే అసలు తూములు మూసుకున్నాయని ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. గుమ్మం మీదా, కరెంటు మీటరు మీదా పడని చోటు చూసి పెట్టండి. బయటికి 3 అంగుళాలు ముక్కులా పొడుచుకొచ్చేలా చేస్తే గోడ తడవదు.

8. పిట్టగోడ మొదలు, మెట్లగది గడప

డాబా, పిట్టగోడ కలిసే మూల ఎండకు సాగి చలికి ముడుచుకునే చోటు. అక్కడ మూడంగుళాల గుండ్రటి కాంక్రీటు పూత వేసి, దాని మీదుగా వాటర్‌ప్రూఫ్ పొరను గోడ మీదికి ఎక్కించండి. పొర పైఅంచును గోడలో అంగుళం లోతు గాడి కోసి అందులోకి మడిచి పూడ్చండి. ఊరికే గోడకు అంటించి వదిలేస్తే, గోడ మీద జారే నీరు పొర వెనక్కి దిగుతుంది.

పిట్టగోడ పైభాగం డాబా వైపు వాలాలి. బయటికి వాలితే ఇంటి గోడ నిండా నల్లచారలు పడతాయి.

మెట్లగది గడప ఆ చోటి డాబా మట్టానికి కనీసం 150 మి.మీ. ఎత్తుండాలి, పొంగు తూము అడుగు కన్నా కూడా పైన ఉండాలి. వాలు కాంక్రీటు మందం లెక్కలో పట్టుకోకుండా గడప పెట్టేస్తే, పని ముగిసేసరికి గడప, డాబా సమానమై నీరు మెట్ల మీదుగా ఇంట్లోకి దిగుతుంది.

9. సన్‌షేడ్

కిటికీల మీద రెండడుగుల సన్‌షేడ్ పెట్టండి. పైభాగం బయటికి వాలాలి, గోడ దగ్గర కన్నా అంచు దగ్గర 12 మి.మీ. తగ్గితే చాలు. గోడ, సన్‌షేడ్ కలిసే మూలలోనూ గుండ్రటి పూత వేయాలి.

అడుగు భాగంలో, అంచుకు అంగుళం లోపలగా, అర అంగుళం వెడల్పు, అర అంగుళం లోతు గాడి తీయండి. నీరు అంచు కిందికి పాకి వెనక్కి వస్తూ ఈ గాడి దగ్గర తెగి రాలిపోతుంది. గాడిని గోడ దాకా తీసుకెళ్ళకండి, రెండంగుళాల ముందే ఆపండి. గోడను తాకితే గాడే నీటిని గోడలోకి మోసే కాలువ అవుతుంది. ప్లాస్టరింగులో పూడిపోయిన గాడిని చెక్కించకుండా రంగు వేయనివ్వకండి.

10. పైపు నేల చేరాక

క్లాంపులు ప్రతి అతుకు దగ్గరా, మధ్యలో మీటరున్నరకు ఒకటి చొప్పున ఉండాలి. కింద నీటిని రాతి పలక మీదికి వదిలి, పునాదికి కనీసం మూడడుగుల దూరంలోని కాలువకో ఇంకుడుగుంతకో మళ్ళించండి. మరుగుదొడ్డి పైపులో కలపకండి. పెద్ద వానకు అది వెనక్కి తన్ని ఇంట్లోకి పొంగుతుంది.

11. నీరు నిలిచే పాత డాబాకు

వాన వెలిసిన గంటకు డాబా ఎక్కి, ఇంకా నీరున్న చోట్ల చుట్టూ సుద్దముక్కతో గీయండి. ప్రతి మడుగు మధ్యలో స్కేలు పెట్టి లోతు రాసుకోండి.

లోతు 10 మి.మీ. లోపు ఉంటే ఆ చోట పాత పైపొరను గీకి, పాలిమర్ కలిపిన మోర్టారుతో మట్టం తేవచ్చు. అంతకన్నా లోతైతే నింపకండి. శ్లాబు అక్కడ కుంగి ఉండవచ్చు, దాని మీద మరింత బరువు వేస్తే ఇంకా కుంగుతుంది. ముందు ఇంజినీరుకు చూపించండి.

మడుగు గోడకు దగ్గరగా ఉంటే తూమునే నీటి దగ్గరికి తీసుకెళ్ళడం చవక, క్షేమం. పిట్టగోడ అడుగున కోర్ యంత్రంతో 5 అంగుళాల రంధ్రం తీయించి, 4 అంగుళాల పైపు పెట్టి, చుట్టూ సందును ముడుచుకోని గ్రౌటుతో నింపండి. సుత్తి, ఉలితో కొట్టిస్తే గోడ అంతా అదిరి కొత్త పగుళ్ళు వస్తాయి. రంధ్రం దూలంలోకి గానీ స్తంభంలోకి గానీ పోకూడదు.

మడుగే లేకుండా కింద చెమ్మ వస్తుంటే పిట్టగోడ మూలనూ, ట్యాంకు దిమ్మల మొదళ్ళనూ, డిష్ యాంటెన్నా బోల్టులనూ చూడండి. మూడింటిలో ఏదో తేల్చడానికి వాటిని ఒకదాని తరవాత ఒకటిగా, రోజుకు ఒకటి చొప్పున నీళ్ళతో తడిపి కింద గమనించండి. అన్నీ ఒకేరోజు తడిపితే ఏమీ తెలియదు.

12. ఏడాదికి రెండుసార్లు

నైరుతి రుతుపవనాలకు ముందు, మే నెలాఖరులో ఒకసారి. తుఫాన్లకు ముందు, సెప్టెంబరు మధ్యకల్లా ఇంకోసారి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి. దసరా పండుగ పనుల్లో చూసుకుందామంటే ఆలస్యం కావచ్చు.

- బుట్ట జల్లెడలు తీసి, గుంటలు ఊడ్చి, ప్రతి తూములో రెండు బకెట్ల నీళ్ళు ఒక్కసారిగా పోయండి. నీరు వెంటనే కిందికి దిగాలి. గుంటలో సుళ్ళు తిరుగుతూ నిలిస్తే పైపు వంపులో ఏదో ఇరుక్కుంది.
- పొంగు తూముల్లో పక్షి గూళ్ళు, కందిరీగ తుట్టెలు ఉన్నాయేమో చూడండి.
- గళ్ళ మధ్య సీలెంట్ ఊడిన చోట పాతది పూర్తిగా గీకి కొత్తది నింపండి. పాతదాని మీద పూస్తే అంటదు.
- క్లాంపుల బోల్టులు బిగించండి.
- డాబా మీద ఇసుక, మిగిలిన ఇటుకలు, పాత కుండీలు ఉంచకండి. ఇసుక పైపుల్లోకి దిగి గట్టిపడితే తీయడానికి పైపు కోయవలసి వస్తుంది.